జ్వరానికి ఈఎల్ పెట్టాలా, ఈఎస్ఐకి వెళ్లాలా?

ప్రశ్న: పైడిభీమవరంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఆపరేటర్‌గా చేస్తున్నాను. జీతం 19,500, ఈఎస్ఐ కట్ అవుతోంది. టైఫాయిడ్ వచ్చి ఫిబ్రవరి 3 మంగళవారం నుంచి 11 బుధవారం దాకా డ్యూటీకి వెళ్లలేదు. మొదటి రోజే ఈఎస్ఐ డిస్పెన్సరీలో చూపించుకున్నాను, సర్టిఫికెట్లు ఉన్నాయి. నాకు సీఎల్ 4, ఈఎల్ 14 మిగిలి ఉన్నాయి. మా యాప్‌లో సిక్ లీవ్ అన్నదే కనబడదు. టైమ్ ఆఫీసులో అడిగితే “ఈఎల్ పెట్టేయ్, లేకపోతే ఎల్‌వోపీ పడిపోద్ది” అంటున్నారు. మే 8 శుక్రవారం చెల్లి పెళ్లి, దానికి ఆరు రోజులైనా కావాలి. దేనికి ఏ సెలవు పెట్టాలో చెప్పగలరు.
— ఒక పాఠకుడు, రణస్థలం మండలం

సమాధానం: జ్వరానికి ఈఎల్, అంటే పని చేసి సంపాదించుకున్న సెలవు, పెట్టకండి. ఫిబ్రవరి 3, 4 తేదీలకు సీఎల్, అంటే క్యాజువల్ సెలవు, పెట్టండి. 5 నుంచి 11 వరకు ఏడు రోజులను ఈఎస్ఐ సిక్‌నెస్ కింద, కంపెనీ జీతం లేని సెలవుగా రాయించండి. ఈఎల్ మొత్తం పెళ్లికి దాచుకోండి. మే 6 బుధవారం నుంచి 12 మంగళవారం వరకు తీసుకుంటే, మధ్యలో ఆదివారం పోగా ఆరు ఈఎల్‌లే ఖర్చవుతాయి.

టైమ్ ఆఫీసువాళ్లు చెప్పింది అబద్ధమేమీ కాదు. ఆ ఏడు రోజులకు మీ పే స్లిప్‌లో ఎల్‌వోపీ, అంటే జీతం కోత, పడుతుంది. అయితే ఆ రోజులకు మీకు డబ్బులు ఇవ్వాల్సింది కంపెనీ కాదు, ఈఎస్ఐ. నెలనెలా మీ జీతంలోంచి 0.75 శాతం, కంపెనీ నుంచి 3.25 శాతం అక్కడికి వెళుతున్నది ఇందుకే. మీ యాప్‌లో సిక్ లీవ్ కనబడకపోవడానికి కారణం కూడా బహుశా ఇదే. ఈఎస్ఐ పరిధిలో ఉన్న ఆపరేటర్లకు చాలా ఫ్యాక్టరీలు వేరే సిక్ లీవ్ ఇవ్వవు. జీతం 21,000 దాటి ఈఎస్ఐ నుంచి బయటికి వచ్చిన సిబ్బందికి మాత్రమే కంపెనీ సిక్ లీవ్ పెడతారు.

ఈఎస్ఐ ఎంత ఇస్తుందో, ఎప్పటి నుంచి ఇస్తుందో తెలిస్తే పై లెక్క ఎలా వచ్చిందో అర్థమవుతుంది. జబ్బు చేసిన రోజుకు మీ సగటు రోజు కూలిలో 70 శాతం వస్తుంది. ఏడాదిలో 91 రోజుల వరకు ఇస్తారు. మధ్యలో వచ్చే ఆదివారానికీ ఇస్తారు. కానీ జబ్బు మొదలైన తొలి రెండు రోజులకు ఏమీ రాదు. ఆ రెండు రోజులను ఖాళీగా వదిలేస్తే కంపెనీ జీతమూ ఉండదు, ఈఎస్ఐ డబ్బూ ఉండదు. సీఎల్ వాడాల్సిన చోటు సరిగ్గా అదే. సీఎల్ పెడితే ఆ రెండు రోజులకు పూర్తి జీతం వస్తుంది, మూడో రోజు నుంచి ఈఎస్ఐ అందుకుంటుంది.

ఒకే రోజుకు రెండు వైపుల నుంచీ తీసుకోవడం మాత్రం కుదరదు. జీతంతో కూడిన సెలవులో ఉన్న రోజుకు సిక్‌నెస్ బెనిఫిట్ రాదని ఈఎస్ఐ నియమం స్పష్టంగా చెబుతుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. సర్టిఫికెట్లు ఈఎస్ఐలో ఇచ్చేస్తారు, ఇటు టైమ్ ఆఫీసు మాట విని అవే రోజులకు ఈఎల్ కూడా పెడతారు. ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసు కంపెనీని అడిగినప్పుడు “ఆ రోజులకు జీతం ఇచ్చాం” అని జవాబు వెళుతుంది. దాంతో క్లెయిము ఆగిపోతుంది. ఒకవేళ డబ్బు అప్పటికే వచ్చి ఉంటే తిరిగి కట్టమంటారు. ఈఎల్ పోతుంది, తిరిగే తిరుగుడు మిగులుతుంది. అందుకే 5 నుంచి 11 వరకు మీ హాజరులో ఈఎల్ అని ఎక్కడా ఉండకూడదు.

ఇప్పుడు రూపాయల్లో చూద్దాం. మీ జీతాన్ని 30తో భాగిస్తే రోజుకు 650. అందులో 70 శాతం 455. ఏడు రోజులకు ఈఎస్ఐ నుంచి 3,185 వస్తాయి. కంపెనీ ఆ ఏడు రోజులూ కోస్తే 4,550 పోతాయి. మీకు నికరంగా తగ్గేది 1,365 రూపాయలు. సగటు కూలిని ఆరు నెలల జీతం మీద లెక్కిస్తారు కాబట్టి, ఓవర్‌టైము ఉంటే అంకె కొంచెం మారవచ్చు. కొన్ని కంపెనీలు 26తో భాగించి ఆదివారాన్ని వదిలేస్తాయి, అప్పుడూ కాస్త తేడా ఉంటుంది. అదే టైమ్ ఆఫీసు చెప్పినట్టు చేస్తే ఈ నెల జీతం తగ్గదు గానీ ఆదివారం పోగా ఎనిమిది ఈఎల్‌లు పోతాయి. రోజుకు 650 చొప్పున వాటి విలువ 5,200. మిగిలే ఆరూ పెళ్లికి సరిపోతాయి, ఆ తర్వాత డిసెంబరు దాకా ఒక్క ఈఎల్ కూడా ఉండదు. 1,365 తగ్గితే 5,200 విలువ చేసే సెలవులు నిలుస్తున్నాయి. ఈ నెల ఇంట్లో డబ్బుకు మరీ ఇబ్బందిగా ఉంటే తప్ప మొదటి దారే మేలు.

జబ్బు ఎన్నాళ్లున్నా ఇదే మంచిదని కాదు. మూడు రోజుల జ్వరమైతే ఈఎస్ఐ ఇచ్చేది ఒక్క రోజుకే. ఆ 455 కోసం క్లెయిము పెట్టడం కంటే మూడు సీఎల్‌లు పెట్టుకోవడం నయం. నాలుగు రోజులకు పైబడినప్పుడు ఈఎస్ఐ దారి లాభిస్తుంది. టైఫాయిడ్‌కు ఇంకో సంగతి గుర్తుంచుకోండి, ఇది తిరగబెట్టే జబ్బు. డబ్బు తీసుకున్న జబ్బు ముగిసిన 15 రోజుల లోపల మళ్లీ పడితే, ఆ రెండు రోజుల కోత రెండోసారి ఉండదు. అప్పుడు సీఎల్ వాడకుండా మొదటి రోజు నుంచే ఈఎస్ఐకి రాయించాలి.

మీకు అర్హత ఉందో లేదో చూసుకోవడం తేలికే. జనవరి నుంచి జూన్ మధ్య జబ్బు చేస్తే, అంతకు ముందు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కనీసం 78 రోజులకు జీతం వచ్చి, చందా కట్టి ఉండాలి. జూలై నుంచి డిసెంబరు మధ్య జబ్బుకు, అంతకు ముందు అక్టోబరు నుంచి మార్చి దాకా ఉన్న రోజులు చూస్తారు. మీ 14 ఈఎల్‌లను బట్టి చూస్తే నిరుడు దాదాపు 280 రోజులు పని చేసి ఉంటారు. ఆ ఆరు నెలల్లో పెద్దగా నాగాలు లేకపోతే మీకు అడ్డంకి ఉండదు. ఈ మధ్యే చేరినవాళ్లకు, 78 రోజులు నిండనివాళ్లకు మాత్రం ఈఎస్ఐ డబ్బు రాదు. వాళ్లు జ్వరానికి ఈఎల్ ఉంటే అదే అడగాలి. ఈఎల్‌కు 15 రోజుల ముందు దరఖాస్తు అనే నిబంధన జబ్బుకు అడ్డం రాదని 1948 ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది.

సర్టిఫికెట్ల విషయంలో మీరు మొదటి రోజే డిస్పెన్సరీకి వెళ్లి చాలా మంచి పని చేశారు. చాలామంది ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారు, తగ్గకపోతే శ్రీకాకుళంలో ప్రైవేటు ఆసుపత్రికి వెళతారు, ఆరో రోజున ఈఎస్ఐ గుర్తొస్తుంది. ఈఎస్ఐ డాక్టరు తాను చూసిన రోజు నుంచే రాస్తారు, గడిచిపోయిన రోజులకు వెనక తేదీ వేసి రాయరు. ప్రైవేటు చీటీ చూపిస్తే కంపెనీ సెలవు మంజూరు చేయవచ్చు గానీ, ఈఎస్ఐ డబ్బు దాని మీద నేరుగా రాదు. మీ దగ్గరున్న కాగితాల్లో మొదటి సర్టిఫికెట్, వారం దాటినందుకు ఇచ్చిన మధ్యంతర సర్టిఫికెట్, డ్యూటీకి వెళ్లవచ్చని రాసిన ఆఖరి సర్టిఫికెట్ ఉన్నాయేమో చూసుకోండి. తేదీల మధ్య ఒక్క రోజు ఖాళీ ఉన్నా ఆ రోజు డబ్బు ఆగుతుంది. ఆఖరిది లేకుండా క్లెయిము ముగియదు, కొన్ని ప్లాంట్లలో గేటు లోపలికి రానివ్వరు కూడా. అన్నిటికీ జిరాక్సులు తీసి ఉంచుకోండి. బ్యాంకు ఖాతా నంబరు ఈఎస్ఐ రికార్డులో సరిగా ఉందో చూసుకున్నాకే క్లెయిము పెట్టండి.

యాప్‌లో సరైన గడి లేదు కాబట్టి, టైమ్ ఆఫీసుకు కాగితం మీద ఇవ్వండి. జీతాల హాజరు మూసే తేదీ లోపలే అది చేరాలి. ఆ తేదీ దాటితే, ఏ సెలవూ పెట్టని రోజులను యాప్ తనంతట తానే ఆబ్సెంట్‌గానో, ఈఎల్‌గానో మార్చేయవచ్చు. ఇలా రాస్తే చాలు:

“మేనేజర్ గారికి, మానవ వనరుల విభాగం. అయ్యా, టైఫాయిడ్ కారణంగా ఫిబ్రవరి 3 నుంచి 11 వరకు డ్యూటీకి రాలేకపోయాను. 3, 4 తేదీలకు నా ఖాతాలోని సీఎల్ మంజూరు చేయగలరు. 5 నుంచి 11 వరకు ఈఎస్ఐ సిక్‌నెస్ బెనిఫిట్ తీసుకుంటున్నందున, ఆ ఏడు రోజులను జీతం లేని మంజూరైన సెలవుగా నమోదు చేయగలరు. ఈ రోజులకు ఈఎల్ వాడవద్దని కోరుతున్నాను. ఈఎస్ఐ సర్టిఫికెట్ల నకళ్లు జతపరిచాను. పేరు, టోకెన్ నంబరు, విభాగం, ఈఎస్ఐ నంబరు.”

రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి.

ఆ కాగితంలో “మంజూరైన” అన్న మాట మాత్రం వదిలేయకండి. జీతం లేని సెలవు వేరు, చెప్పకుండా రాకపోవడం వేరు. రెండింటికీ జీతం పోతుంది కాబట్టి ఒకటే అనుకుంటారు గానీ, కాదు. చాలా ఫ్యాక్టరీల నిబంధనలకు మూలమైన కేంద్ర నమూనా స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం, సెలవు లేకుండా వరసగా 10 రోజులకు మించి రాకపోతే అది దుష్ప్రవర్తన. తీసుకున్న సెలవు అయిపోయాక 8 రోజుల్లోపు తిరిగి రాకపోతే, సరైన కారణం చూపకపోతే, ఆ ఉద్యోగం మీద హక్కే పోవచ్చు. హాజరు పట్టీలో మీ రోజుల దగ్గర ఆబ్సెంట్ అని ఉంటే వెంటనే రాతపూర్వకంగా దిద్దించుకోండి. ఈఎస్ఐ వైద్యంలో ఉన్న రోజులకు, ఆ కారణంగానే కార్మికుణ్ని తీసేయడానికి గానీ శిక్షించడానికి గానీ యజమానికి వీల్లేదు. అయితే ఆ రక్షణ మీకు అక్కరకు రావాలంటే, మీరు జబ్బులో ఉన్నట్టు కంపెనీకి తెలిపిన కాగితం చేతిలో ఉండాలి.

మామూలు ఎల్‌వోపీకి, అంటే ఈఎస్ఐ కూడా లేని జీతం కోతకు, పే స్లిప్‌లో కనబడని నష్టం ఇంకొకటి ఉంది. జీతం లేని రోజు 78 రోజుల లెక్కలోకి రాదు, వచ్చే ఏడాది ఈఎల్ సంపాదించే లెక్కలోకీ రాదు, ఆ రోజుకు పీఎఫ్ కూడా జమ కాదు. సంక్రాంతికి నాలుగు, కోతలకు అయిదు, తీర్థాలకు మూడు అని ఎల్‌వోపీలు పోగేసుకున్నవాళ్లు, అసలు జబ్బు చేసిన నాడు 78 రోజులు నిండలేదని తెలిసి బాధపడతారు. సీఎల్, ఈఎల్ రెండూ అయిపోయినప్పుడు మాత్రమే దాన్ని అడగాలి.

ఇక పెళ్లి సంగతి. తేదీ ముందే తెలిసిన పనికి ఈఎల్లే సరైనది. సీఎల్ అనుకోకుండా వచ్చిన అవసరానికి ఉద్దేశించింది. ఫ్యాక్టరీల్లో సీఎల్ ఎన్ని అన్నది కంపెనీ నిబంధనలను బట్టి ఉంటుంది. నమూనా స్టాండింగ్ ఆర్డర్లలో ఏడాదికి 10, జబ్బు చేస్తే తప్ప ఒకేసారి మూడు రోజులకు మించకూడదు. అందుకే ఆరు రోజుల పెళ్లి సెలవును సీఎల్ కింద అడిగితే సూపర్‌వైజరు తిప్పి పంపుతాడు. రెండు సీఎల్, నాలుగు ఈఎల్ అని కలిపి అడిగినా, రెండింటినీ కలపకూడదన్న నియమం చాలా కంపెనీల్లో ఉంది. పైడితల్లమ్మ సిరిమాను లాంటి వాటికి ఒక్క రోజు సీఎల్ అడగడంలో తప్పు లేదు. కానీ దసరా తర్వాత మంగళవారం అని అందరికీ తెలిసిన పండక్కి, ఆ పొద్దున షిఫ్టు మొదలయ్యే వేళ ఫోన్ చేసి సీఎల్ అంటే ఎవరూ ఒప్పుకోరు. వారం ముందే పెట్టాలి.

ఈఎల్ మీ పనికి వచ్చిన ప్రతిఫలం. నిరుడు పని చేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున వచ్చింది. పాత చట్టంలో దీనికి ఏడాదికి 240 రోజుల పని ఉండాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో అది 180 రోజులకు తగ్గింది. సెలవు మధ్యలో గానీ, మొదట్లో చివర్లో గానీ పడే వారపు సెలవును, పండగ సెలవును ఈఎల్‌లో లెక్కించకూడదు. కాబట్టి మే 10 ఆదివారానికి ఈఎల్ కోస్తే అడగండి. షిఫ్టుల వల్ల మీ వారపు సెలవు వేరే రోజున ఉంటే ఆ రోజు తీసేసి లెక్క వేసుకోండి.

దరఖాస్తు 15 రోజుల ముందు ఇవ్వాలన్నది ఫ్యాక్టరీల్లో పాతుకుపోయిన పద్ధతి. మే 6కు ఏప్రిల్ 21 ఆఖరి రోజు అవుతుంది. కానీ మే నెల మొదట్లో ముహూర్తాలు మీ చెల్లికి ఒక్కదానికే కాదు, మీ షిఫ్టులో ఇంకో ఇద్దరు కూడా అవే తేదీలు అడుగుతారు. శుభలేఖ అచ్చు కాగానే, ఏప్రిల్ మొదటి వారంలోనే ఇచ్చేయండి. కారణం దగ్గర “సొంత పని” అని కాకుండా ఇలా రాయండి:

“మే 8న మా చెల్లెలి వివాహం ఉన్నందున, మే 6 నుంచి 12 వరకు, మే 10 వారపు సెలవు పోగా ఆరు రోజులు ఈఎల్ మంజూరు చేయగలరు. మే 13న డ్యూటీలో చేరతాను. శుభలేఖ జతపరిచాను.”

కాదన్నా సరే, కాదని రాతపూర్వకంగా ఇవ్వమని మర్యాదగా అడగండి. వచ్చే ఏడాదికి తీసుకెళ్లగలిగే ఈఎల్‌లకు 30 రోజుల పరిమితి ఉంది గానీ, అడిగి నిరాకరించబడిన సెలవుకు ఆ పరిమితి లేదు. నోటిమాటగా కాదన్నదానికి ఆ లాభం దక్కదు. కొత్త కోడ్ ప్రకారం వాడుకోని ఈఎల్‌ను ఏడాది చివర్లో డబ్బుగా అడగవచ్చు. జ్వరానికి ఈఎల్ వద్దని అంతగా చెప్పడానికి ఇది కూడా ఒక కారణం.

పెళ్లి సెలవు దొరకలేదని ఎవరైనా “జ్వరమని డాక్టరు చీటీ తెచ్చెయ్” అని సలహా ఇస్తే వినకండి. పెళ్లి పందిట్లో తీసిన ఫొటో అదే రోజు సాయంత్రానికి మీ షిఫ్టు వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. తప్పుడు జబ్బు చూపి ఈఎస్ఐ డబ్బు తీసుకోవడం నేరం, కంపెనీలో వేరే విచారణ. అంత అవసరమైతే జీతం లేని సెలవు అడగడం వంద రెట్లు నయం.

విజయనగరం, శ్రీకాకుళం షాపుల్లో, బట్టల దుకాణాల్లో, ప్రైవేటు ఆఫీసుల్లో చేసే పాఠకులకు ఒక మాట. మీకు వర్తించేది ఫ్యాక్టరీల లెక్క కాదు. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం కింద 240 రోజులు పని చేసినవారికి తర్వాతి ఏడాదిలో 15 రోజుల జీతంతో కూడిన సెలవు ఉంది. అది 60 రోజుల వరకు పోగుపడుతుంది. దానికి తోడు జబ్బుకు 12, క్యాజువల్ 12 వేర్వేరుగా ఉన్నాయి. వాళ్లు జ్వరమొస్తే ముందు సిక్ లీవ్ అడగాలి, డాక్టరు చీటీ పెట్టాలి. దుకాణంలో ఈఎస్ఐ ఉంటే, జీతం వచ్చిన రోజుకు ఈఎస్ఐ రాదన్న నియమం వాళ్లకూ వర్తిస్తుంది.

మీరు ఈ వారంలో చేయాల్సింది మొదటి కాగితం ఇవ్వడం, ఈఎస్ఐ క్లెయిము పెట్టడం. ఫిబ్రవరి పే స్లిప్ రాగానే మూడు చోట్ల చూడండి. సీఎల్ మిగులు 2 ఉండాలి, ఈఎల్ మిగులు 14 చెక్కు చెదరకుండా ఉండాలి, జీతం కోసిన రోజులు ఏడుకు మించకూడదు. హాజరు ముందు నెల 20తో మూసే కంపెనీ అయితే కోత మొత్తం మార్చి స్లిప్‌లో పడుతుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. తొమ్మిది రోజులు కోసి ఉంటే సీఎల్ నమోదు కాలేదన్నమాట. మీ సంతకం ప్రతి పట్టుకుని తర్వాతి నెల హాజరు మూయకముందే టైమ్ ఆఫీసుకు వెళ్లండి.